విషయం: మీ దుకాణం క్లెయిము ఆలస్యానికి క్షమాపణ, ప్రస్తుత స్థితి

రమణమూర్తి గారికి నమస్కారం.

మీ కిరాణా దుకాణం అగ్నిప్రమాద క్లెయిము ఈ నెల 10కల్లా తేలుతుందని మాటిచ్చాను. తేలలేదు. తప్పు మాదే, క్షమించండి. స్టాకు రిజిస్టరు కావాలని సర్వేయరు 3న పంపిన మెయిల్ మా దగ్గరే 9 రోజులు ఉండిపోయింది.

నిన్న మీ అబ్బాయి తెచ్చిన రిజిస్టరును, అంచులు కాలిన పేజీలతో సహా స్కాన్ చేసి, జీఎస్‌టీ రిటర్నులతో కలిపి పంపాను. అందినట్టు సర్వేయరు ఫోనులో చెప్పారు. ఇక రావలసింది ఆయన తుది నివేదిక. అది చూశాకే కంపెనీ నిర్ణయం తీసుకుంటుంది. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను.

కాలిన సరుకు పారేయకండి, ఆయన మళ్ళీ చూడవచ్చు. పండుగలోపు దుకాణం తెరవాలన్న మీ ఆత్రం నాకు తెలుసు. సోమవారం సాయంత్రం 5 లోపు నేనే ఫోను చేస్తాను.

ఇట్లు,
సుధాకర్
బీమా బ్రోకరు