అమాక్సిసిలిన్–క్లావులానేట్ డ్రై సిరప్ 228.5: మోతాదు, ఎవరికి ఇవ్వకూడదు, నిల్వ

చెన్నై శాఖల్లో కౌంటర్‌లో పనిచేసే తెలుగు సిబ్బంది కోసం. పెట్టెలోని ఇంగ్లీషు కరపత్రంలో మూడు భాగాలకు ఇది తెలుగు. "కౌంటర్ గమనిక" అని ఉన్నవి కరపత్రంలో లేవు, మేము చేర్చినవి. ఎక్కడైనా తేడా కనిపిస్తే పెట్టెలో ఉన్నదే ప్రమాణం.

మోతాదు

నీళ్లు కలిపాక ప్రతి 5 మి.లీ.లో అమాక్సిసిలిన్ 200 మి.గ్రా., క్లావులానిక్ ఆమ్లం 28.5 మి.గ్రా. ఉంటాయి. మోతాదును అమాక్సిసిలిన్ లెక్కనే కడతారు.

3 నెలలు నిండిన, 40 కిలోల లోపు పిల్లలకు: మామూలు ఇన్ఫెక్షన్‌కు రోజుకు కిలోకు 25 మి.గ్రా.; చెవి, సైనస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు, తీవ్రమైన వాటికి రోజుకు కిలోకు 45 మి.గ్రా. దీన్ని రెండు భాగాలు చేసి 12 గంటలకోసారి ఇవ్వాలి. భోజనం మొదలుపెట్టేటప్పుడు ఇస్తే క్లావులానిక్ ఆమ్లం ఒంటికి బాగా పడుతుంది, కడుపులో ఇబ్బంది తగ్గుతుంది. డాక్టర్ మళ్లీ చూడకుండా 14 రోజులు దాటించకూడదు.

*కౌంటర్ గమనిక:* 8 కిలోల పాపకు 45 లెక్కన రోజుకు 360 మి.గ్రా., అంటే పూటకు 180 మి.గ్రా., 4.5 మి.లీ. అదే 25 లెక్కన అయితే పూటకు 2.5 మి.లీ. చీటీలో ఉన్నది దీనికి చాలా దూరంగా ఉంటే బిల్లు కొట్టకముందే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పూటకు 4.5 చొప్పున ఏడు రోజులకు 63 మి.లీ. కావాలి. 30 మి.లీ. సీసాలు రెండిస్తే 60తోనే ఆగిపోతుంది, చివరి పూటకు మందు సరిపోదు. మూడో సీసా ఇవ్వాల్సిందే.

ఇంతకన్నా పెద్ద పొరపాటు బలం మారిపోవడం. 457 అని ఉన్న సీసాలో 5 మి.లీ.కి అమాక్సిసిలిన్ 400 మి.గ్రా. ఉంటుంది. 228.5 స్టాక్ లేదని అదిచ్చి, మి.లీ. మార్చకుండా పంపితే బిడ్డకు రెట్టింపు మందు పడుతుంది. 156.25 సీసాలో క్లావులానిక్ ఆమ్లం పాలు వేరు, కాబట్టి మి.లీ. సర్దినా అది దీనికి బదులు కాదు. డాక్టర్ మార్చి రాయాలి.

కలపడం: సీసాను తట్టి పొడి వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీతకు సగం దాకా పోసి గట్టిగా కుదపాలి. తర్వాత గీత వరకు పోసి మళ్లీ కుదిపి, 5 నిమిషాలు ఉంచాలి. ప్రతి పూటా కుదిపాకే తీయాలి.

*కౌంటర్ గమనిక:* నురగ దిగాక గీత చూడండి. నురగను నీళ్లనుకుని తక్కువ పోస్తే మందు చిక్కనవుతుంది, గీత దాటిస్తే పలచనవుతుంది. వేడి నీళ్లు వద్దు, క్లావులానిక్ ఆమ్లం చెడిపోతుంది. క్యాన్ నీళ్లయినా కాచి చల్లార్చమనే చెప్పండి. ఇంట్లో టీ చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. సీసాతో వచ్చిన కొలత మూత గానీ సిరంజి గానీ వాడమనండి.

ఎవరికి ఇవ్వకూడదు

- అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం, ఏ పెన్సిలిన్‌కైనా అలర్జీ ఉన్నవారికి.
- సెఫలోస్పోరిన్ లాంటి మరో బీటా-లాక్టమ్ మందు వాడగానే తీవ్రమైన అలర్జీ (ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం) వచ్చినవారికి.
- గతంలో ఇదే మందు వల్ల కామెర్లు గానీ కాలేయం దెబ్బతినడం గానీ జరిగినవారికి.

మూత్రపిండాల పనితీరు నిమిషానికి 30 మి.లీ. కంటే తక్కువ ఉంటే ఈ నిష్పత్తి మందు వాడకూడదు.

*కౌంటర్ గమనిక:* "అలర్జీ ఉందా?" అంటే చాలామంది లేదనే అంటారు. "ఇంతకుముందు ఏ యాంటీబయాటిక్‌కైనా ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాయడం వచ్చిందా?" అని అడగండి, అప్పుడు గుర్తొస్తుంది. కామెర్లు మందు ఆపేసిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు కాబట్టి పాత కోర్సు గురించి కూడా అడగాలి. మామూలు విరేచనాలు ఈ మందుతో తరచూ వస్తాయి, అది అలర్జీ కాదు.

నిల్వ

కలపని పొడి: 25°సె. లోపు, తేమ తగలకుండా, మూత బిగించి. కలిపాక: ఫ్రిజ్‌లో 2–8°సె. మధ్య, గడ్డకట్టనివ్వకుండా. 7 రోజుల తర్వాత మిగిలింది పారేయాలి.

*కౌంటర్ గమనిక:* క్లావులానేట్ తేమను పీల్చుకుంటుంది, పీల్చుకుంటే పాడవుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఏసీ లేని రాక్‌లో, అందులోనూ మే నెలలో, ఈ సీసాలు పెట్టకండి. పొడి గడ్డకట్టినా, రంగు మారినా అమ్మకండి, రిటర్న్ పెట్టండి. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. రెండు మూడు సీసాలు కొన్నవాళ్లకు ఒక్కటే కలిపివ్వండి. మిగతావి పొడిగానే ఉంచి, ఒకటి అయ్యాక ఇంకోటి కలుపుకోమనండి. ఇంట్లో ఫ్రీజర్ గదికి ఆనించకుండా, తలుపులో కాకుండా, మధ్య అరలో పెట్టమనాలి. ఫ్రిజ్ లేదంటే ముందే డాక్టర్‌కు చెప్పి వేరే రూపంలో రాయించుకోవాలి.