ఆఫర్ లెటర్‌లో 12 లక్షలు, చేతికి ఎంత?

ఏడాదికి 12 లక్షల సీటీసీ అని ఆఫర్ వచ్చిందనుకోండి. నెలకు లక్ష అనేసుకుని గచ్చిబౌలిలో అద్దె ఇల్లు చూసేస్తాం. మొదటి జీతం పడ్డాక గానీ అసలు లెక్క తెలీదు.

ఒకసారి విడగొట్టి చూద్దాం. బేసిక్ 40 శాతం అయితే నెలకు 40,000. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 4,800, గ్రాట్యుటీకి తీసిపెట్టే 1,924 కూడా ఆ 12 లక్షల్లోవే. పది శాతం వేరియబుల్ అన్నారంటే ఏడాదికి 1,20,000 పక్కకు పోయినట్టే. అది ఎప్పుడిస్తారో, ఎంతిస్తారో తర్వాతి సంగతి. ఇక పేస్లిప్‌లో కనిపించే గ్రాస్ 83,276. అందులోంచి మీ వంతు పీఎఫ్ 4,800, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 78,276. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

ఇందులో మోసమేమీ లేదు, అన్నీ లెటర్‌లో రాసే ఉంటాయి. కాకపోతే ఆ అనెక్షర్ పేజీని సంతకం పెట్టే హడావిడిలో ఎవరూ చదవరు.

ఈ శనివారం ఉదయం 11 గంటలకు జూమ్‌లో ఒక గంట దీని మీదే కూర్చుందాం. వెబినార్ ఉచితం, తెలుగులోనే. నేను చాలా ఏళ్లుగా పేరోల్ పని చేస్తున్నాను, చెప్పేది నేనే. గంట అయ్యేసరికి ఏ ఆఫర్ లెటర్ ఇచ్చినా నెలకు చేతికి ఎంతొస్తుందో మీరే లెక్క కట్టుకోగలగాలి. అంతకు మించి ఏమీ ఆశించొద్దు. జీతం పెంచుకునే చిట్కాలు, షేర్లు, ఫండ్ల సలహాలు ఉండవు. చివర్లో కోర్సు కొనమని అడగడం కూడా ఉండదు.

మీ పేస్లిప్, వీలైతే పీఎఫ్ పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని రండి. పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్‌లో నెలనెలా 1,250 అని చాలామందికి కనిపిస్తుంది. జాబ్ మారినప్పుడు "మా కంపెనీ వాటా తక్కువ పడిందేంటి" అని టెన్షన్ పడేది దాని గురించే. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో కూడా చూద్దాం. మీ పేస్లిప్ మాత్రం స్క్రీన్ మీద ఎవరికీ చూపించక్కర్లేదు, నేను ఉత్తుత్తి పేస్లిప్ ఒకటి తయారుచేసి పెట్టుకున్నాను.

ముందు నలభై నిమిషాలు లెక్కలు, తర్వాత ప్రశ్నలు. నైట్ షిఫ్ట్ వాళ్లు నిద్ర మానుకుని రావొద్దు, రికార్డింగ్ పంపిస్తాను.

రావాలనుకుంటే కింద "వస్తాను" అని రాయండి. లింక్ శుక్రవారం సాయంత్రం మెసేజ్‌లో వస్తుంది. చేతిలో రెండు ఆఫర్లు పట్టుకుని ఏది తీసుకోవాలో తేల్చుకోలేని ఫ్రెండ్ ఉంటే, శనివారం లోపు సంతకం పెట్టొద్దని చెప్పండి.