నువ్వు పంపిన రిటర్న్ పాలసీ స్క్రీన్‌షాట్ చదివాను తమ్ముడూ, ముందు ఇది చూడు

ఏరా, స్క్రీన్‌షాట్ రెండుసార్లు చదివాను. టెన్షన్ పడకు, కానీ రేపటి వరకు ఆగకు. బూట్లకీ ఇయర్‌బడ్స్‌కీ రెండిటికీ గడువు రేపు, 14వ తేదీ రాత్రితోనే అయిపోతుంది. 15 దాకా టైమ్ ఉందని రాశావు కదా, అక్కడే లెక్క తప్పావు. పై నుంచి రెండో లైన్ మళ్లీ చూడు. "డెలివరీ అయిన రోజును మొదటి రోజుగా లెక్కిస్తాం" అని ఉంది. బూట్లు 5న వచ్చాయి, 5ని కలుపుకుని లెక్కపెడితే పదో రోజు 14. ఇయర్‌బడ్స్ 8న వేరే పార్సిల్‌లో వచ్చాయి, వాటికి పది కాదు ఏడు రోజులే, ఎలక్ట్రానిక్స్ అని విడిగా రాశారు, అదీ 14కే వచ్చి ఆగుతుంది. ఆర్డర్ ఒకటే అయినా గడువు ఏ పార్సిల్‌కి ఆ పార్సిల్‌దే. చాలామంది ఆర్డర్ పెట్టిన రోజు నుంచి లెక్కపెట్టి గడువు దాటిపోయిందనుకుని వదిలేస్తారు, లేదా చివరి పార్సిల్ వచ్చిన రోజు నుంచి అన్నిటికీ ఒకే లెక్క వేసుకుని నష్టపోతారు.

ఇంకో సంగతి, ఈ పది రోజులు దేనికో సరిగ్గా అర్థం చేసుకో. ఈలోగా వస్తువు వాళ్లకి చేరిపోవాలని కాదు, నువ్వు రిక్వెస్ట్ పెట్టాలని. "గడువులోగా రిటర్న్ అభ్యర్థన నమోదు చేయాలి" అన్న లైన్ అదే చెబుతోంది. కొన్ని షాపులు మాత్రం గడువులోగా వస్తువు తమ గోడౌన్‌కి చేరాలంటాయి, అందుకే ఈ ఒక్క లైన్ ప్రతిసారీ వెతికి చదవాలి. నీ అదృష్టం బాగుంది, ఇక్కడ రిక్వెస్ట్ పెడితే చాలు. ఆ తర్వాత పికప్ వాళ్లు మూడు రోజులకి వచ్చినా నీ తప్పు కాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "రిటర్న్ చేయాలనుకుంటున్నాను" అని చెప్తే మాత్రం రిక్వెస్ట్ పెట్టినట్టు కాదు. యాప్‌లో ఆర్డర్ తెరిచి, వస్తువు ఎంచుకుని, కారణం పెట్టి, చివరికి రిటర్న్ నంబర్ వచ్చే దాకా వెళ్లాలి. నంబర్ రాకపోతే పని అవ్వలేదనే అర్థం. నాకొకసారి ఇలాగే జరిగింది, ఒక షాపులో టేబుల్ లాంప్ కొన్నాను, ఫోన్లో అమ్మాయి "నోట్ చేసుకున్నాం మేడం" అంది, నేను నమ్మి కూర్చున్నాను, నాలుగు రోజుల తర్వాత చూస్తే రిటర్న్ బటనే మాయమైంది. ఆ లాంప్ ఇప్పటికీ అటక మీదే ఉంది. నీకు అలా కాకూడదనే ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు బూట్లు. సైజు బిగుతుగా ఉందన్నావు, అది సరైన కారణమే. అడగాల్సింది ఒక్కటే, బయట వేసుకుని నడిచావా? "వాడని స్థితిలో" అంటే ఇంట్లో కాలికి తొడిగి చూడొద్దని కాదు, షాపులో వేసుకుని నాలుగు అడుగులు వేసినంత వరకు ఎవరూ కాదనరు. కానీ సోల్ మీద మట్టి, గీతలు, లోపల చెమట మరక కనిపిస్తే గోడౌన్‌లో తనిఖీ చేసేవాళ్లు వాడినట్టే రాసేస్తారు. ఒకవేళ ఒక సాయంత్రం బయట నడిచి ఉంటే నాకు నిజం చెప్పు, కడిగి పంపేద్దాం అనుకోకు, తడిసిన బూటు వాసన ఇంకా పట్టిస్తుంది, పైగా అది నిజాయితీ కూడా కాదు. అలాంటప్పుడు ఇంట్లో ఎవరి కాలికైనా సరిపోతాయేమో చూద్దాం.

బాక్స్ సంగతి స్క్రీన్‌షాట్‌లో చిన్న అక్షరాల్లో ఉంది, కానీ దీని దగ్గర కూడా రిటర్న్‌లు తిరగ్గొడతారు. బూట్ల కంపెనీ బాక్స్‌ని కూడా వస్తువులో భాగంగానే చూస్తారు. దాని మీద టేపు అంటించకు, అడ్రస్ లేబుల్ అతికించకు, పెన్నుతో ఏమీ రాయకు. బూట్లు బాక్స్‌లో పెట్టి, ఆ బాక్స్‌ని వేరే కవర్లో వేసి ఆ కవర్ మీద లేబుల్ అతికించు. ట్యాగ్, లోపల పెట్టిన కాగితం, అదనపు లేసుల జత, అన్నీ వచ్చినట్టే వెళ్లాలి. ట్యాగ్ తెంపేశావా? తెంపినా పారేయకుండా ఉంటే అదీ లోపల వెయ్యి, ఈ పాలసీలో "ట్యాగ్‌లతో సహా" అని ఉంది గానీ అతికి ఉండాలని లేదు. ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వలేను, కానీ అడిగే హక్కు నీకుంది.

బూట్లు రిటర్న్ చేయాలా, ఎక్స్‌ఛేంజ్ చేయాలా అన్నావు. నా మాట వింటే, పైసైజు స్టాకులో ఉంటే ఎక్స్‌ఛేంజే పెట్టు. ఎందుకంటే నువ్వు రెండు వస్తువులకీ కలిపి కూపన్ వాడావు, కింద నుంచి మూడో లైన్ ప్రకారం బూట్లు రిటర్న్ చేశాక మిగిలిన బిల్లు కూపన్‌కి కావలసిన కనీస మొత్తం కన్నా తగ్గితే ఆ తగ్గింపుని నీ రీఫండ్‌లోంచి పట్టుకుంటారు. ఎక్స్‌ఛేంజ్‌లో ఆ గొడవ లేదు. కానీ ఎక్స్‌ఛేంజ్‌కి ఒక మెలిక ఉంది, "మార్పిడిలో వచ్చిన వస్తువుకి కొత్త గడువు ఉండదు" అని స్పష్టంగా రాశారు. అంటే రెండో జత కూడా సరిపోకపోతే ఇక నీదే. కాబట్టి సైజు చార్ట్ చూసి, పాదాన్ని కాగితం మీద పెట్టి గీత గీసి, మడమ నుంచి పొడవైన వేలి దాకా సెంటీమీటర్లలో కొలిచి అప్పుడు ఎంచుకో. సాయంత్రం పూట కొలుచుకో, పొద్దున్నకంటే అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.

ఇయర్‌బడ్స్ దగ్గరే నువ్వు ఎక్కువ భయపడ్డావు. "సీలు తీసిన ఇయర్‌ఫోన్లు రిటర్న్ తీసుకోం" అన్న లైన్ చూసి ఆశ వదిలేసినట్టున్నావు. ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు, తర్వాత "లోపం ఉన్నప్పుడు తప్ప" అని ఉంది చూడు. చెవిలో పెట్టుకునేవి, లోదుస్తులు, మేకప్ లాంటివి శుభ్రత కారణంగా వెనక్కి తీసుకోరు, ఇది ఈ షాపు ఒక్కటే పెట్టిన రూలు కాదు. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువుల్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి ఇచ్చే హక్కు ఇచ్చిన యూరోపియన్ యూనియన్ చట్టం కూడా, శుభ్రత కోసం సీలు వేసిన వస్తువుకి సీలు తీస్తే ఆ హక్కు లేదంటుంది. కానీ అది మనసు మారినవాళ్లకి. నీకు మనసు మారలేదు, ఎడమ వైపు బడ్ పలకడమే లేదు. రెండూ వేర్వేరు సంగతులు. అందుకే కారణం ఎంచుకునేటప్పుడు "నచ్చలేదు" మీద పొరపాటున కూడా నొక్కకు, "లోపం ఉంది, పనిచేయడం లేదు" అన్నదే ఎంచుకో. ఆ ఒక్క నొక్కుడు మీదే మొత్తం ఆధారపడి ఉంది.

మరి 48 గంటల్లోగా చెప్పాలన్న లైన్ సంగతి అడిగావు. అది జాగ్రత్తగా చదువు, "పగిలిన, తప్పుగా వచ్చిన, లేదా భాగాలు తక్కువైన వస్తువులకి" అని ఉంది. అంటే పార్సిల్ తెరవగానే కంటికి కనిపించేవి. వాడాక బయటపడే లోపం అందులో లేదు, అది ఏడు రోజుల లైన్ కిందకి వస్తుంది. ఎవరైనా నీకు 48 గంటలు దాటిపోయాయని చెప్తే ఈ తేడానే మర్యాదగా చూపించు. అయితే ఏడు రోజుల్లో వచ్చేది రీప్లేస్‌మెంట్ మాత్రమే, డబ్బు కాదు. కొత్త జత స్టాకులో లేకపోతేనే రీఫండ్ ఇస్తారు.

పంపే ముందు ఒక చిన్న వీడియో తీయి. రెండు బడ్స్ నిండా చార్జ్ చేసి, ఒకసారి రీసెట్ చేసి, ఫోన్‌కి కలిపి, కుడివైపు పలుకుతోంది ఎడమవైపు లేదని కనిపించేలా, కేస్ మీది సీరియల్ నంబర్ కూడా ఫ్రేములో పడేలా తీయి. ఆ నంబర్ బాక్స్ మీది నంబర్‌తో కలవాలి, కలవకపోతే పికప్ అబ్బాయి గుమ్మం దగ్గరే వద్దంటాడు. తర్వాత నీ ఫోన్లోంచి, దాని యాప్‌లోంచి ఆ బడ్స్‌ని తీసేయి. చార్జింగ్ వైరు, అదనపు రబ్బరు టిప్స్ మర్చిపోకు. ఒకవేళ ఏ కారణంతోనైనా షాపు కాదంటే అక్కడితో దారి మూసుకుపోదు, కంపెనీ వారంటీ వేరు, షాపు రిటర్న్ గడువు వేరు. బిల్లు దాచిపెట్టు.

ఇక డబ్బులు నెలాఖరుకి వస్తాయా అన్నావు. బూట్ల పైసైజు లేక రిటర్నే పెట్టాల్సి వస్తే లెక్క ఇది. స్క్రీన్‌షాట్‌లో "5 నుంచి 7 పనిదినాలు" అని ఉంది, కానీ ఎప్పటి నుంచి అన్నది ముఖ్యం, "తనిఖీ పూర్తయిన తర్వాత" అని ఉంది. ఈరోజు 13, మంగళవారం. పికప్ శుక్రవారం 16 కల్లా అయ్యి, 20కి గోడౌన్ చేరి, తనిఖీకి వాళ్లు చెప్పిన రెండు పనిదినాలు తీసుకుంటే 22, గురువారం. అక్కడి నుంచి సోమవారం టు శుక్రవారమే లెక్క, కాబట్టి ఐదో పనిదినం 29, ఏడోది వచ్చే నెల 2. అది వాళ్లు పంపే తేదీ, బ్యాంకు అకౌంట్లో కనబడడానికి ఇంకో రెండు మూడు రోజులు పట్టొచ్చు. కాబట్టి నెలాఖరు ఖర్చుకి ఈ డబ్బు మీద ఆశ పెట్టుకోకు, అవసరమైతే నన్నడుగు. గిఫ్ట్ కార్డుతో కట్టిన భాగం గిఫ్ట్ కార్డుకే వెళ్తుంది, మిగతాది నీ డెబిట్ కార్డుకి. డెలివరీ చార్జీ తిరిగి రాదు, అది రాసే ఉంది. రీఫండ్ పంపామని మెసేజ్ వచ్చాక కూడా డబ్బు పడకపోతే షాపుని ఏఆర్ఎన్ అడుగు, కార్డు రీఫండ్‌ని బ్యాంకు వెతికి పట్టుకునేది ఆ నంబర్‌తోనే.

స్క్రీన్‌షాట్ కింద చివరి లైన్ సగం తెగిపోయింది, "విక్రేతను బట్టి" అని మొదలై ఆగిపోయింది. నాకు కాస్త అనుమానంగా ఉంది. ఇయర్‌బడ్స్ షాపు అమ్మిందో, వాళ్ల సైట్‌లో వేరే విక్రేత అమ్మాడో ఆర్డర్ పేజీలో చూడు, వేరే విక్రేత అయితే ఆ వస్తువు పేజీలో రాసిన షరతులే ముందు చెల్లొచ్చు, ఈ స్క్రీన్‌షాట్ కాదు. ఆ పేజీ మొత్తం, కింద దాకా, ఫోటో తీసి పెట్టుకో, ఎందుకంటే పాలసీ పేజీలు మారుతుంటాయి, నువ్వు కొన్నరోజు ఏముందో చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

పికప్ అబ్బాయి వచ్చినప్పుడు వస్తువు చేతిలో పెట్టేసి తలుపు వేయకు, అతను తన ఫోన్లో పికప్ అయిందని నొక్కి, నీకు మెసేజ్ వచ్చే దాకా ఉండు. ఇప్పుడే రెండు రిక్వెస్ట్‌లూ పెట్టి, ఆ రెండు నంబర్లూ నాకు పంపు. పదిన్నర దాకా మేలుకునే ఉంటాను, ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి.