మూడో నంబరు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్ పోస్టుకు ఇంటర్వ్యూలు. లిస్టులో మూడో పేరు చూడగానే ప్రసాద్ పెన్ను ఆగింది. వెంకటరమణ. డిగ్రీలో ఒకే బెంచీ, పరీక్ష ఫీజుకు డబ్బు సర్దినవాడు.

పక్కనున్న మేనేజరుతో వెంటనే చెప్పేశాడు. "సార్, ఇతను నా క్లాస్‌మేట్. ఇతనికి నేను మార్కులు వేయను. మీరూ ఆడిటర్ గారూ వేయండి."

"నువ్వు బయటికెళ్తావా?"

"అదే మంచిది సార్. ప్రశ్నలు మాత్రం అందరికీ అవే అడగండి."

అసలు ప్రశ్న ఒకటే. రైతు వంద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, స్టోరేజీలో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకు లోను తీసుకున్నాడు. నలభై టిక్కీలు ఇమ్మంటే ఏం చేస్తారు? మొదటి ఇద్దరూ అద్దె బాకీ చూస్తామన్నారు. అదీ చూడాల్సిందే, కానీ బ్యాంకు రిలీజ్ లెటర్ లేకుండా ఒక్క టిక్కీ కదిలినా స్టోరేజీ మెడకే చుట్టుకుంటుంది.

ప్రసాద్ వరండాలో టీ తాగుతుంటే రమణ బయటికొచ్చాడు.

"ఏరా, నన్ను చూసి లేచిపోయావంట!"

"మార్కులు నా చేతిలో ఉండకూడదని."

"రిలీజ్ లెటర్ అని చెప్పా. కరెక్టేనా?"

"లిస్టు సోమవారం పెడతారు."

"అబ్బో, అదీ చెప్పవా!" రమణ గట్టిగా నవ్వాడు. "సరేలే, టీ అన్నా ఇప్పిస్తావా?"

"సోమవారం దాటాక, రెండు ఇప్పిస్తా."