సోమవారం బెయిల్ పిటిషన్: ముందు చూడాల్సిన సంగతులు

లావణ్యా,

ఇందుకూరుపేట రొయ్యల గుంటల గలాటా కేసులో ఏ3 బెయిల్ పిటిషన్ సోమవారం సెషన్స్ కోర్టులో ఉంది. వాదన నువ్వే చెప్పాలమ్మా. తీర్పుల వెతుకులాట ఆదివారానికి పెట్టుకో. ముందు కాగితాలు.

ఫిర్యాదు, రిమాండ్ రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని చదువు. ఉప్పునీళ్లు కయ్యల్లోకి వదిలారని సాయంత్రం ఆరున్నరకు గొడవ జరిగితే, ఎఫ్ఐఆర్ మర్నాడు పదకొండింటికి. ఈలోగా గాయపడినాయన నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఎవరు కొట్టారని, దేంతో కొట్టారని అక్కడ డాక్టరుకు చెప్పాడో ఆ ఇంటిమేషన్‌లో చూడు. మన పిల్లాడి పేరు అందులో లేకపోతే మన బలమంతా అక్కడే. ఫిర్యాదులో ఏ1 పారతో తలమీద కొట్టాడు, ఏ3 చేతులు పట్టుకున్నాడు. రిమాండ్ రిపోర్టుకొచ్చేసరికి ఏ3 చేతిలోకి కర్ర వచ్చింది. ఆ రెండు వాక్యాలూ ఉన్నవున్నట్టు రాసుకో, పేజీ నంబర్లతో సహా.

గాయం సర్టిఫికెట్ వచ్చిందా? సెక్షన్ 109 పెట్టారు కాబట్టి జడ్జిగారు మొదట అడిగేది ఆ మనిషి పరిస్థితే. డిశ్చార్జి తేదీ కనుక్కో. ఇంకా ఐసీయూలో ఉంటే వారం ఆగుదాం. ఆ మాట ఇంట్లోవాళ్లకు నేను చెబుతాను.

అరెస్టు 12 ఉదయం అంటున్నారు పోలీసులు. వాళ్లమ్మ 10 రాత్రే తీసుకుపోయారంటోంది. నిజమైతే 24 గంటల నియమం పోయినట్టే, కానీ నోటిమాట చాలదు. వీధిలో సీసీ కెమెరా, ఆ రాత్రి చేసిన ఫోన్లు చూడు. మేజిస్ట్రేటు ముందు పిల్లాడు ఏం చెప్పాడో రిమాండ్ ఆర్డరులో ఉంటుంది. అరెస్టు కారణాలు రాసిచ్చారా, ఇంట్లోవాళ్లకు తెలిపారా అన్నదీ చూడు. ఈ విషయంలో 2025 నాటి విహాన్ కుమార్ తీర్పు మనకు పనికొస్తుంది.

చార్జిషీటుకు గడువు 90 రోజులు. మొదటి రిమాండ్ రోజునూ కలుపుకుని లెక్కేసి డైరీలో రాసిపెట్టు.

పాత కేసులున్నాయా, ఇంతకుముందు బెయిల్ పిటిషన్ ఎవరైనా వేశారా? ఇవి దాచొద్దు. పీపీ గారు లేచి చెప్పేలోగా మనమే చెప్పాలి. ఆ తర్వాత మన ప్రతి మాటనూ కోర్టు నమ్ముతుంది. ఎస్సీ, ఎస్టీ చట్టం కలుపుతూ ఆల్టర్ మెమో పడిందేమో బెంచి క్లర్కు దగ్గర కనుక్కో. పడి ఉంటే పిటిషన్ ప్రత్యేక కోర్టులో వెయ్యాలి, బాధితుడికి నోటీసూ వెళ్లాలి.

ఊళ్లోకి రావద్దని షరతు పెడితే కోవూరులో మేనమామ ఇంట్లో ఉంచుతారా అని ఆయన్నే అడుగు. ఇద్దరు జామీనుదారులు ఇంటి పన్ను రసీదులు, ఆధార్ సిద్ధంగా పెట్టుకోవాలి. ఆర్డరు వచ్చాక వీటికోసం తిరిగితే పిల్లాడు ఇంకో నాలుగు రోజులు లోపలే ఉంటాడు.

శనివారం చెముడుగుంట జైలుకు వెళ్లి పిల్లాడితో ఒంటరిగా మాట్లాడు. కర్ర సంగతి సూటిగా అడుగు. రాత్రి ఎనిమిదికి ఫైలుతో ఆఫీసుకు రా.