మొదటి బ్యాంకు ఋణం తీర్చిన పెదజాలారిపేట ఎండుచేపల సంఘానికి అభినందన

విశాఖపట్నం,
21 జూన్ 2025.

సంఘంలోని పన్నెండుమంది అక్కచెల్లెళ్ళకు,

మీరు 2023 జూన్ 3న తీసుకున్న 1,80,000 రూపాయల ఋణం ఈ నెల పదితో తీరిపోయింది. ఇరవై నాలుగు కంతుల్లో ఒక్కటి కూడా గడువు దాటలేదు. సమాఖ్య పాలకవర్గం తరఫున మీకు మనస్ఫూర్తిగా అభినందనలు.

మీ పుస్తకాలు మేం మొదటి పేజీ నుంచి చూశాం. 12 శాతం వడ్డీతో నెలకు 8,473 రూపాయల కంతు. మనిషికి పదిహేను వేలు పంచుకున్నారు కాబట్టి లెక్కకు 706 చిల్లర పడుతుంది. మీరు 710 వసూలు చేశారు. నెలకు మిగిలే 47 రూపాయలు ఎవరి కొంగునా ముడిపడలేదు, సంఘ నిధిలోకే వెళ్ళాయి. రెండేళ్ళకు అది 1,128 అయింది. అది ఎక్కడ అక్కరకొచ్చిందో కింద రాస్తున్నాం.

అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది వేట నిషేధం నెలల సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు కదలవు. పచ్చి చేప రాకపోతే ఎండబెట్టడానికేముంది? మే, జూన్ కంతులు మాత్రం ఆగవు. మీ చివరి కంతు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. నిషేధ భృతి పడితే కడదాం అనుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. డబ్బు వస్తుంది, కానీ వచ్చే తేదీ మన చేతిలో ఉండదు. మీరు నెత్తళ్ళు బాగా పడే నవంబరు నుంచి మార్చి వరకు కంతుతోపాటు మనిషికి నెలకు 284 రూపాయలు విడిగా తీశారు. అయిదు నెలలకు 1,420, అంటే రెండు కంతులు. దాన్ని లీడరింట్లో పెట్టకుండా సంఘం పొదుపు ఖాతాలో వేశారు. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో పన్నెండు సంతకాలతో ఉంది.

పొదుపు ఖాతాలో డబ్బుంటే అప్పుకు అదే జమ అవుతుందనుకోవడం చాలా సంఘాల పొరపాటు. చెప్పి రాయించుకోకపోతే పొదుపులో సొమ్ము పొదుపులోనే ఉంటుంది, అప్పు ఖాతాలో బాకీ కనిపిస్తుంది. మీరు ప్రతిసారీ చలానాలో అప్పు ఖాతా నంబరే రాసి, పాస్‌పుస్తకంలో అచ్చు వేయించాకే బ్యాంకు మెట్లు దిగారు.

గడువు పదో తేదీ అయినా ఎనిమిదిన కట్టాలన్న మీ నియమం 2024 మార్చిలో అక్కరకొచ్చింది. ఎనిమిది శివరాత్రి, తొమ్మిది రెండో శనివారం, పది ఆదివారం. మీరు ఏడునే కట్టేశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు ఇద్దరు సభ్యుల సరుకు తడిసిపోతే వాళ్ళ కంతును ఊరికే సర్దేయలేదు. సంఘం పొదుపు నుంచి వాళ్ళ పేర అంతర్గత అప్పుగా రాసి, వడ్డీతో నాలుగు నెలల్లో రాబట్టారు. ఇలా రాయడం మొహమాటంగా అనిపిస్తుందేమోగానీ, రాయకపోతే మూడోనెల నుంచి "నాది ఎవరు కట్టారు, నేనెంత ఇవ్వాలి" అనే తగువు మొదలవుతుంది.

చివరి కంతు కట్టిన రోజు కౌంటరులో ఇంకా 368 రూపాయలు బాకీ చూపించింది. ఋణం జూన్ 3న అందినా మొదటి కంతు జూలై 10న పడింది కదా, నెల మీద పడిన ఆ రోజుల వడ్డీ చివరిదాకా మోసుకొచ్చింది. అయిపోయిందని వచ్చేస్తే ఆ చిల్లరే పెరిగి, సంఘాన్ని బాకీదారుగా చూపేది. నిధిలో ఉన్న 1,128 నుంచి వెంటనే కట్టారు. నిధిలో ఇంకా 760 మిగిలింది.

రెండు పనులు మిగిలాయి. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం ముద్రతో తీసుకోండి, అప్పు ఖాతా మూసినట్టు పాస్‌పుస్తకంలో రాయించండి. వడ్డీ రాయితీ లెక్క వచ్చినప్పుడు సకాలంలో కట్టిన రుజువు ఇదే. ఇంకొకటి, రెండో ఋణానికి తొందరపడి పెద్ద మొత్తం రాయకండి. ఎవరికెంత కావాలి, ఐసు పెట్టెలకా, ఉప్పుకా, సరుకు కొనుగోలుకా అని ఒక్కొక్కరి అవసరం విడిగా రాసి, కంతు మళ్ళీ నిషేధం నెలల్లో ఎంత పడుతుందో ముందే లెక్కవేయండి. ఈసారి అందరికీ సమానంగా పంచనక్కర్లేదు, తక్కువ కావలసినవాళ్ళకు తక్కువే.

ఈ నెల 28, శనివారం సాయంత్రం అయిదు గంటలకు సమాఖ్య సమావేశంలో మిమ్మల్ని సత్కరిస్తున్నాం. పన్నెండుమందీ రండి. వచ్చేటప్పుడు నవంబరు-మార్చి వసూళ్ళ పుస్తకం తెండి. పక్క సంఘాలవాళ్ళు దాన్ని చూసి నకలు రాసుకుంటామని అడిగారు.

ఇట్లు,
సమాఖ్య అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి