పచ్చడి సీసాల ఆర్డర్ (పీఓ నెంబర్ 14) గురించి, ప్రసాద్ గారి నుంచి రిప్లై రాక మీకు రాస్తున్నాను

పద్మ గారూ, నమస్తే అండి.

నేను రాజమండ్రి నుంచి సత్యవతిని, మీ దగ్గర మూడేళ్లుగా పచ్చడి సీసాలు తీసుకుంటున్నాం. పోయినేడాది మీ ఇన్వాయిస్ ఒకటి మాకు జీఎస్టీ 2బీలో కనపడట్లేదని మా ఆడిటర్ గారు అంటే మీకే మెయిల్ పెట్టాను, మీరు ఆ రోజే చూసి సరిచేశారు, ఆ పాత మెయిల్‌లోంచే మీ ఐడీ తీసుకున్నానండి. ఆర్డర్లు మీరు చూడరని తెలుసు, కానీ ఇంకెవర్ని అడగాలో తెలియట్లేదు.

విషయం ఏంటంటే, మా ఆర్డర్లన్నీ ప్రసాద్ గారే చూస్తారు. ఏప్రిల్ 8న ఆయనకి పీఓ పంపితే ఆ సాయంత్రమే ప్రొఫార్మా పంపారు, 9న అడ్వాన్స్ 40,000 రూపాయలు నెఫ్ట్ చేశాం. అంతే, అక్కడి నుంచి ఏ కబురూ లేదు. 12న, 15న, 18న మెయిల్స్ పెట్టాను, వాట్సాప్‌లో రెండు టిక్కులు పడుతున్నాయి గానీ చూసినట్టు లేదు, ఫోన్ చేస్తే రింగై కట్ అవుతోంది. ఆయన ఎప్పుడూ ఇలా చేసిన మనిషి కాదండి, లోడు ఒకరోజు లేటవుతుందన్నా ముందే ఫోన్ చేసి చెప్పేవారు. అందుకే ఒంట్లో బాగోలేదేమో, ఇంట్లో ఏమైనా ఇబ్బందేమో అని నాకు బెంగగా కూడా ఉంది. ఆయన మీద కంప్లయింట్ అనుకోవద్దు, ఈ మెయిల్ సీసీలో ఆయన్ని కూడా పెట్టాను.

ఆర్డర్ ఇదండి, మీకు వెతుక్కునే పని లేకుండా మళ్ళీ రాస్తున్నా: అరకిలో పచ్చడి పట్టే గాజు సీసాలు 3,600 (24 చొప్పున 150 పెట్టెలు), పావుకిలోవి 2,400 (48 చొప్పున 50 పెట్టెలు), రెండిటికీ 63 ఎంఎం తిప్పుడు మూతలు, పోయినసారి వచ్చిన బంగారు రంగువే. పీఓ, ప్రొఫార్మా, నెఫ్ట్ రసీదు మూడూ ఈ మెయిల్‌కి జత చేశాను.

ఇంత తొందర ఎందుకంటే మొన్న శనివారం మొదటి విడత మామిడికాయ కొట్టించేశాం, కొత్తపల్లి కొబ్బరి. కాయ ముక్క కొట్టాక ఆగదు కదండీ, ఆవపిండి కారం నూనె అన్నీ కలిపి జాడీల్లో పెట్టేశాం, రేపు తిరగకలుపుతాం, ఇంకో వారం పదిరోజుల్లో సీసాల్లోకి ఎత్తాలి. రెండో విడత కాయకి తోటలో బయానా ఇచ్చేశాను, అది వచ్చేలోపు ఈ జాడీలు ఖాళీ అవ్వకపోతే పెట్టడానికి చోటు లేదు. మే నెలలో అమెరికా వెళ్ళేవాళ్ళు సూట్‌కేసుల్లో పెట్టుకెళ్ళడానికి అడిగిన ఆర్డర్లు చాలా ఉన్నాయి, వాళ్ళ టికెట్ డేట్లు మన కోసం మారవు.

పోనీ వేరే చోట కొందామంటే మూత దగ్గరే భయం. ఒక ఏడాది ఇంకొకరి దగ్గర తెస్తే లోపలి రబ్బరు లైనింగ్ సరిగ్గా కూర్చోక నూనె కారి లేబుళ్ళన్నీ పాడయ్యాయి, కోటింగ్ గీసుకున్నచోట ఉప్పుకీ పులుపుకీ తుప్పు కూడా పట్టింది, ఆ సీసాలన్నీ కస్టమర్ల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించుకున్నాం. మీ మూతలతో ఆ గొడవ ఒక్కసారి కూడా రాలేదు, మా లేబుళ్ళు కూడా మీ సీసా కొలతకే ప్రింట్ చేయించాం.

అందుకని మిమ్మల్ని అడిగేది, మా అడ్వాన్స్ మీ ఖాతాలో పడిందా, ఆర్డర్ సిస్టమ్‌లో ఎక్కిందా, స్టాక్ ఉందా, ఏ రోజు లోడ్ చేస్తారు, ఇవి కనుక్కుని చెప్పగలరా. మొత్తం ఒకేసారి కుదరకపోతే అరకిలోవి ఒక 50 పెట్టెలు 26వ తేదీకల్లా ట్రాన్స్‌పోర్ట్‌లో వేయించండి చాలు, మిగతావి మే 5 లోపు వచ్చినా సర్దుకుంటాం. బ్యాలెన్స్ డబ్బులు రెడీగా ఉన్నాయి, లోడు ఫోటో, ఎల్ఆర్ కాపీ పంపిన గంటలో వేసేస్తాను.

ప్రసాద్ గారు సెలవులో ఉంటే ఆయన పని ఎవరు చూస్తున్నారో వాళ్ళ పేరు, ఫోన్ నెంబర్ ఇచ్చినా సరే, నేనే మాట్లాడుకుంటాను. ఒకవేళ ఈసారి సప్లై కుదరదు అనుకుంటే అది కూడా మొహమాటపడకుండా బుధవారం 23 సాయంత్రంలోపు చెప్పేయండి, అడ్వాన్స్ వెనక్కి వేస్తే నేను ఏలూరులోనో విజయవాడలోనో వెతుక్కుంటాను. అంతకంటే లేటైతే ఇక్కడ నా చేతిలో ఏమీ ఉండదండి, పదిమంది ఆడవాళ్ళు ఈ సీజన్ పని మీదే ఉన్నారు.

రేపు పొద్దున 11 గంటలకి మీ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి కూడా చేస్తాను. మీకు వేరే టైమ్ వీలైతే చెప్పండి, అప్పుడే చేస్తా.

ప్రసాద్ గారు కులాసాగా ఉన్నారో లేదో ఒక్క ముక్క రాయండి.

ఉంటానండి,
సత్యవతి
రాజమండ్రి